జారిన భుజం, చంకలో నరం

2025 ఆగస్టు 4, లండన్‌లోని ఓవల్ మైదానం. ఇంగ్లండ్ గెలవాలంటే ఇంకా 17 పరుగులు కావాలి, మిగిలింది ఒక్క వికెట్. ఆఖరి బ్యాటర్‌గా క్రిస్ వోక్స్ దిగాడు. ఎడమ చెయ్యి స్లింగ్‌లో కట్టి ఉంది, దానిమీద స్వెటర్, కుడిచేతిలో బ్యాట్. టెస్టు మొదటి రోజున బౌండరీ దగ్గర బంతిని ఆపబోయి దూకినప్పుడు అతని ఎడమ భుజం జారింది. అవతలి ఎండ్‌లో గస్ అట్కిన్సన్ స్ట్రైక్ తన దగ్గరే ఉంచుకోవడానికి నానా తంటాలు పడ్డాడు. వోక్స్‌కు ఒక్క బంతి కూడా ఆడాల్సి రాలేదు గానీ, పరుగు తీసిన ప్రతిసారీ నొప్పితో అతని మొహం ముడుచుకుపోయింది. చివరికి హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ అట్కిన్సన్‌ను బౌల్డ్ చేశాడు. భారత్ 6 పరుగుల తేడాతో గెలిచింది. వోక్స్‌కు అదే ఆఖరి టెస్టు అయింది. సెప్టెంబరులో అంతర్జాతీయ క్రికెట్‌కు వీడ్కోలు చెప్పాడు.

టీవీ ముందు కూర్చున్న చాలామందికి ఆ రోజు ఒక సందేహం వచ్చే ఉంటుంది. నాలుగు రోజులు గడిచాయి కదా, పరుగెత్తేది కాళ్లతోనే కదా, చేతికి అంత నొప్పేమిటి? భుజం జారడమంటే ఎముక చోటు తప్పడం ఒక్కటే అయితే ఆ సందేహం సబబే. కానీ ఆ ఎముకను చోటున నిలబెట్టినవన్నీ సాగితేనో చిరిగితేనో తప్ప అది బయటికి రాదు. తిరిగి లోపలికి పెట్టేసినా చిరిగినవి చిరిగినట్టే ఉంటాయి. ప్రతి అడుగు కుదుపూ వాటికి తెలుస్తుంది.

ఒంట్లోని పెద్ద కీళ్లలో అన్నిటికంటే ఎక్కువగా జారేది భుజమే. కారణం దాని కట్టుబడిలోనే ఉంది. తుంటి దగ్గర గుంట లోతుగా ఉండి, తొడ ఎముక తలను సగానికి పైగా కమ్మేస్తుంది. భుజం దగ్గర అలా కాదు. దండచేతి ఎముక తల పెద్దది, గుండ్రటిది. రెక్క ఎముక అంచున దానికి దొరికిన గుంట చిన్నది, లోతు లేనిది. ఏ క్షణాన చూసినా ఆ తలలో పావు వంతు నుంచి మూడో వంతు వరకే గుంటకు ఆనుకుని ఉంటుంది. మిగతాదంతా గుంట దాటి బయటే.

మరి ఎలా నిలుస్తోంది? బడిలో జెండా పండుగ నాడు పిల్లలు నోట్లో చెంచా పెట్టుకుని, అందులో నిమ్మకాయతో పరుగెత్తే పందెం ఉంటుంది కదా. ఆ కాయను నిలబెట్టేది చెంచా గుంట కాదు. కాయ ఎటు దొర్లబోతే అటు చెంచా వాలును క్షణక్షణం సరిచేసుకునే పిల్లల నేర్పు. భుజంలోనూ అంతే. చెయ్యి పైకెత్తుతుంటే రెక్క ఎముక కూడా దానితో పాటు వీపు మీద తిరుగుతూ, గుంటను ఎప్పటికప్పుడు తల కిందికి తెస్తుంది. చెయ్యి నిటారుగా లేచే 180 డిగ్రీల్లో సుమారు 120 డిగ్రీలు భుజం కీలువి, మిగిలిన 60 రెక్క ఎముకవి. వెన్ను మీది కండరాలు బలహీనపడి ఈ తిరుగుడు తప్పితే, ఏ దెబ్బా తగలకపోయినా భుజం వదులుగా అనిపించడం మొదలవుతుంది.

గుంట చుట్టూ లేబ్రమ్ అనే గట్టి, సాగే గుణమున్న అంచు ఒకటి ఉంది. అది గుంట లోతును దాదాపు సగం పెంచుతుంది. దాని నుంచే కీలును పట్టి ఉంచే లిగమెంట్లు బయల్దేరతాయి. వీటి స్వభావం తెలిస్తే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది. చెయ్యి మామూలుగా కదులుతున్నంతసేపూ లిగమెంట్లు వదులుగానే ఉంటాయి, వాటికి పనే లేదు. అప్పుడు తలను గుంటలోకి నొక్కి పట్టేది రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాల జట్టు. ముందు ఒకటి, పైన ఒకటి, వెనక రెండు. చెయ్యి తన హద్దు దాకా వెళ్లినప్పుడు మాత్రమే లిగమెంటు బిగుసుకుని, ఇంక ముందుకు పోనివ్వనని ఆపుతుంది. బంతి విసరబోతూ చెయ్యి పక్కకెత్తి వెనక్కి తిప్పినప్పుడు, ముందూ కిందా ఉన్న లిగమెంటు ఒక్కటే దాదాపు మొత్తం బరువు మోస్తుంది. ఆ భంగిమలో ఎవరైనా చేతిని ఇంకాస్త వెనక్కి లాగారా, తెగాల్సింది అదే.

పైన చెప్పిన నాలుగు కండరాల లెక్కలో ఒక లోటు ఉంది. ముందు ఉంది, పైన ఉంది, వెనక ఉంది. కింద ఏదీ లేదు. చంక వైపు కీలును కాచేది పల్చటి, వదులైన సంచి లాంటి పొర మాత్రమే. చెయ్యి పూర్తిగా పైకి లేవాలంటే ఆ పొర అలా వదులుగా ఉండక తప్పదు. సరిగ్గా ఆ పొర కిందుగా, కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే, డెల్టాయిడ్ కండరానికి వెళ్లే నరం పోతుంది. దాని పేరు యాక్సిలరీ నరం.

భుజం జారిన 100 మందిలో 95 మందికి పైగా తల ముందుకే వస్తుంది. ముందుకు అనడం మాటవరసకే. నిజానికి అది ముందుకూ కిందికీ కలిపి జారి, ఛాతీ పైన కొరకాయిడ్ అనే ఎముక కొమ్ము కింద ఆగుతుంది. చూడగానే తెలిసిపోతుంది. భుజం గుండ్రదనం పోయి, చొక్కా హ్యాంగర్‌కు వేలాడుతున్నట్టు పలకగా కనబడుతుంది. పైన ఎముక కొస పొడుచుకొస్తుంది, దాని కింద వేలు పెడితే గుంత తగులుతుంది. చెయ్యి ఒంటికి కాస్త దూరంగా ఉంటుంది. మనిషి రెండో చేత్తో మోచేతిని పట్టుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వడు. దెబ్బతగిలిన చేతి వేళ్లతో అవతలి భుజాన్ని తాకమంటే తాకలేడు.

ఇలా జారినప్పుడు లోపల ఏం చిరుగుతుందో 1923లోనే లండన్ సర్జన్ బ్లండెల్ బ్యాంకార్ట్ రాసిపెట్టాడు. గుంట ముందు అంచు నుంచి లేబ్రమ్, దానితో పాటు లిగమెంటు ఊడిపోతాయని, అవి తిరిగి అతుక్కోకపోవడమే మళ్లీ మళ్లీ జారడానికి కారణమని అతని వాదన. ఆ చిరుగును ఇప్పటికీ బ్యాంకార్ట్ గాయమనే అంటారు. 1940లో హిల్, సాక్స్ అనే ఇద్దరు అమెరికన్ రేడియాలజిస్టులు రెండో సగం చెప్పారు. ముందుకు వచ్చిన తల వెనక భాగం గుంట అంచుకు నొక్కుకుని సొట్టపోతుంది. ఆ సొట్ట పెద్దదైతే, చెయ్యి తిప్పినప్పుడు అది అంచులో చిక్కుకుని తలను మళ్లీ బయటికి తోస్తుంది. 20 ఏళ్లలోపు వయసులో ఆటలాడుతూ ఒకసారి భుజం జారినవాళ్లలో ఎక్కువమందికి మళ్లీ జారుతుంది. 40 దాటాక ఆ భయం బాగా తగ్గుతుంది, దాని బదులు వేరే చిక్కు వస్తుంది. దాని సంగతి తర్వాత.

ఒక్కోసారి తల అంచు దాకా వచ్చి, పూర్తిగా బయటపడకుండానే తిరిగి లోపలికి పోతుంది. 2021 మార్చిలో పుణె వన్డేలో ఫీల్డింగ్ చేస్తూ శ్రేయస్ అయ్యర్‌కు జరిగింది ఇలాంటిదేనని బీసీసీఐ ప్రకటించింది. సగమే జారింది కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఏప్రిల్‌లో అతను ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది, ఐపీఎల్ మొదటి భాగం పోయింది.

వెనక్కి జారడం అరుదు, 100లో 2 నుంచి 4. అరుదైనదే అయినా వైద్యుల్ని ఎక్కువగా మోసం చేసేది ఇదే. దీనికి కారణం తరచూ ఆటలో దెబ్బ కాదు, మూర్ఛ లేదా కరెంటు షాక్. ఆ క్షణంలో భుజం చుట్టూ ఉన్న కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. చేతిని లోపలికి తిప్పే కండరాలు బయటికి తిప్పేవాటి కంటే చాలా బలమైనవి కాబట్టి, అవి గెలిచి తలను లోపలికి తిప్పి వెనక్కి నెట్టేస్తాయి. ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో తల గుంట ఎదురుగానే ఉన్నట్టు కనబడుతుంది. భుజం గుండ్రదనం కూడా పెద్దగా పోదు. దాంతో మొదటిసారి చూసినప్పుడు వీటిలో సగం దాకా దొరక్కుండా పోతాయని వైద్య పుస్తకాలే ఒప్పుకుంటాయి.

ఒక ఉదాహరణ చూడండి. ఇన్సులిన్ వాడే పెద్దాయనకు రాత్రి చక్కెర బాగా పడిపోయి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించారు, తేరుకున్నారు. భుజం నొప్పి అన్నారు. మంచం మీంచి పడ్డప్పుడు తగిలిందేమో అనుకున్నారు. నెల తర్వాత కూడా చెయ్యి తిరగకపోతే, షుగర్ ఉన్నవాళ్లకు ఫ్రోజెన్ షోల్డర్ మామూలేగా అని ఫిజియోథెరపీకి పంపారు. ఇక్కడ పనికొచ్చే పరీక్షకు యంత్రమేమీ అక్కర్లేదు. మోచేతులు రెండూ పక్కలకు ఆనించి, ముంజేతుల్ని బయటికి తెరవమనాలి. తల వెనక్కి జారి ఉంటే ఆ చెయ్యి కడుపు మీద నుంచి బయటికి రాదు. ఫ్రోజెన్ షోల్డర్‌లోనూ ఈ కదలికే ముందు పోతుంది, అందుకే పొరపాటు జరుగుతుంది. తేడా తేల్చేది పక్క నుంచో చంక వైపు నుంచో తీసిన రెండో ఎక్స్‌రే. ఫిట్స్ తర్వాతో కరెంటు షాక్ తర్వాతో భుజం నొప్పి వస్తే ఆ రెండో ఎక్స్‌రే అడిగి తీయించుకోవడంలో తప్పు లేదు.

మూడోది తిన్నగా కిందికి జారడం. 200 మందిలో ఒకరికి కూడా కష్టమే. పడిపోతూ పైనున్న కొమ్మనో కడ్డీనో పట్టుకుని వేలాడినప్పుడు, తల చంకలోకి దిగిపోతుంది. చెయ్యి తలమీదకు ఎత్తినట్టే బిగుసుకుపోయి కిందికి రాదు. చేతులెత్తి మొక్కుతున్నవాడిలా ఆసుపత్రికి వస్తాడు. నరానికి ముప్పు ఎక్కువగా ఉండేది ఈ జారుడులోనే. వెనక్కి జారినప్పుడు నరం దెబ్బతినడం తక్కువ. అంటే ఎటు జారిందనేదే నరం సంగతి సగం చెప్పేస్తుంది.

ఆ నరం దారి ఒకసారి చూద్దాం. మెడలో ఐదు, ఆరు నరాల వేర్ల నుంచి బయల్దేరి, చంకలో మిగతా చేతి నరాలతో పాటు దిగుతుంది. అక్కడి నుంచి భుజం ముందున్న కండరం మీదుగా వచ్చి, దాని కింది అంచు దగ్గర ఉన్నట్టుండి వెనక్కి మలుపు తీసుకుంటుంది. కీలు కింది పొరను ఒరుసుకుంటూ ఒక ఇరుకు సందులోంచి వీపు వైపు వెళ్లి, దండచేతి ఎముక మెడ చుట్టూ తిరిగి డెల్టాయిడ్‌లోకి చేరుతుంది. భుజానికి గుండ్రటి ఆకారం ఇచ్చేది, చెయ్యి పక్కకెత్తేది ఆ డెల్టాయిడే. దారిలో వెనకనున్న టెరెస్ మైనర్ అనే చిన్న కండరానికి ఒక కొమ్మనిస్తుంది. చివరికి ఒక సన్నటి కొమ్మ భుజం కింద, దండచెయ్యి బయటి వైపున అరచేతి వెడల్పున్న చర్మానికి స్పర్శనిస్తుంది. బ్రిటిష్ సైనికులు రెజిమెంటు బ్యాడ్జి కుట్టుకునే చోటు అదే కాబట్టి, ఇప్పటికీ వైద్య విద్యార్థులు దాన్ని రెజిమెంటల్ బ్యాడ్జి ప్రాంతం అనే నేర్చుకుంటారు.

ఈ నరం పొట్టిది. ఒక చివర మెడ నుంచి వచ్చే పెద్ద నరాల కట్టకు, రెండో చివర కండరానికి అతుక్కుని ఉంటుంది. మధ్యలో అటూ ఇటూ తప్పుకునే సందు లేదు. ఎముక తల ముందుకీ కిందికీ దిగినప్పుడు, ఈ రెండు కట్ల మధ్య నరం దాని మీదుగా సాగదీయబడుతుంది. తెగడం చాలా అరుదు, సాగడమే ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ, లోపల రక్తం గడ్డకట్టేకొద్దీ, భుజం బయట ఉన్న గంటలు పెరిగేకొద్దీ ఆ సాగుడు నష్టం పెరుగుతుంది. ముందుకు జారినవాళ్లను మామూలుగా పరీక్షిస్తే 100లో ఓ పదిమందికి అటూ ఇటూగా నరం దెబ్బ కనబడుతుంది. ఈఎంజీ పరీక్ష చేసి వెతికిన అధ్యయనాల్లో ఈ సంఖ్య 40 దాకా పోయింది. తేడా ఎక్కడుందంటే, చాలా దెబ్బలు చిన్నవి, స్లింగ్‌లో చెయ్యి ఉన్న వారాల్లోనే ఎవరికీ తెలియకుండా మానిపోతాయి.

ఇప్పుడు ఒక కబడ్డీ కుర్రాడిని ఊహించుకుందాం. 22 ఏళ్లు, సంక్రాంతి పోటీల్లో డిఫెండరు. రైడరు తొడ పట్టుకోబోయి కుడి చెయ్యి చాపాడు. రైడరు ఒంటి బరువుతో ఆ చేతిని వెనక్కి ఈడ్చుకుంటూ గీత వైపు దూకాడు. భుజంలో ఏదో కదిలి బయటికొచ్చినట్టయింది. పక్కనున్న పెద్దమనిషి ఒకాయన, నేనెన్ని భుజాలు పెట్టలేదు, ఇట్టే లాగేస్తానని ముందుకొచ్చాడు.

లాగొద్దు అనడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ఎముక మెడ దగ్గర విరిగి ఉంటే ఆ లాగుడు విరిగిన ముక్కను నరం మీదికీ, రక్తనాళం మీదికీ తోస్తుంది. రెండోది జనానికి అంతగా తెలియదు. నరం దెబ్బ లాగకముందే ఉందా, లాగాక వచ్చిందా అన్నది ముందు చూసి రాసుకుంటేనే తెలుస్తుంది. చూడకుండా లాగితే ఆ ప్రశ్నకు ఇక ఎప్పటికీ జవాబుండదు.

అందుకే ఆసుపత్రిలో కీలు పెట్టకముందే ఓ రెండు నిమిషాల పని ఉంటుంది. మణికట్టు దగ్గర నాడి చూస్తారు. వేళ్లు విప్పమని, మణికట్టు పైకెత్తమని అడుగుతారు. చేతికి వెళ్లే మిగతా నరాలు పనిచేస్తున్నాయో లేదో దానితో తేలుతుంది. తర్వాత బ్యాడ్జి ప్రాంతాన్ని దూదితోనో వేలితోనో తాకి, ఎడమ చేతి మీద అదే చోటుతో పోల్చి చెప్పమంటారు. మన కుర్రాడు ఇక్కడ మొద్దుబారినట్టుంది అన్నాడు.

చాలాచోట్ల పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. అది చాలదు. చర్మానికి వెళ్లే కొమ్మ వేరు, కండరానికి వెళ్లే కొమ్మలు వేరు. స్పర్శ పూర్తిగా ఉండి కండరం పడిపోయినవాళ్లున్నారు. స్పర్శ పోయినా కండరం బాగున్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి డాక్టరు డెల్టాయిడ్ మీద చెయ్యి వేసి, మోచేతిని తన రెండో అరచేతిలోకి మెల్లగా బయటికి తొయ్యమనాలి. చెయ్యి కదలక్కర్లేదు, నొప్పీ అంతగా ఉండదు. బతికున్న కండరం వేళ్ల కింద గట్టిపడుతుంది. కుర్రాడి కండరం గట్టిపడలేదు. ఆ మాట కేసు షీటులో, టైముతో సహా, రాసుకున్నారు.

తర్వాత రెండు వైపుల నుంచి ఎక్స్‌రే. ఎముక విరగలేదని తేలాక కీలు పెట్టడం. దానికి పద్ధతులు బోలెడు. చంకలో మడమ పెట్టి లాగే పద్ధతి హిప్పోక్రటీస్ పేరు మీద ఉంది. మడమ నొక్కేది నరాలు వెళ్లే చోటనే కాబట్టి ఇవాళ దాన్ని వదిలేయడమే మంచిది. మోచెయ్యి వంచి, చేతిని బయటికి తిప్పి పెట్టే పద్ధతిని స్విస్ సర్జన్ కోకర్ 1870లో వివరించాడు. రామ్సెస్ రాజు కాలంనాటి ఇపూయ్ అనే ఈజిప్టు శిల్పి సమాధి గోడ మీద ఇలాంటి పనే చేస్తున్న మనిషి బొమ్మ ఉంది, అంటే మూడు వేల ఏళ్ల నాటి విద్య. మోటుగా తిప్పితే ముసలివాళ్లలో ఎముక విరుగుతుందనే భయంతో దాన్నీ ఇప్పుడు మెల్లగా, లాగుడు లేకుండా చేస్తున్నారు. ఏ పద్ధతైనా అసలు కిటుకు ఒకటే. కీలులోకి మత్తు సూదో, నిద్రమందో ఇచ్చి కండరాలు వదులయ్యేదాకా ఆగడం. కండరాలు వదులైతే తల తనంతట తాను లోపలికి పోవడానికి ఎక్కువ బలం అక్కర్లేదు.

కుర్రాడి భుజం లోపలికి పోయింది. మళ్లీ అదే పరీక్ష, మళ్లీ ఎక్స్‌రే. మొద్దు అలాగే ఉంది, కండరం అలాగే ఉంది. ముందుకంటే ఎక్కువ కాలేదు, అంటే లాగుడు వల్ల వచ్చిందేమీ లేదు. కీలు పెట్టాక స్పర్శ వెంటనే తిరిగొచ్చినా రాకపోయినా, ఆ రోజు చేసేది మాత్రం మారదు. స్లింగ్ వేసి పంపుతారు.

రెండు మూడు వారాల తర్వాత స్లింగ్ తీశారు. కుర్రాడు చెయ్యి పక్కకెత్తబోతే పావు వంతు కూడా లేవలేదు. భుజం మీద కండ తగ్గి ఎముక కొస మళ్లీ కనబడుతోంది. ఇంట్లోవాళ్లు మళ్లీ జారిందనుకున్నారు. ఎక్స్‌రే తీస్తే కీలు చోటునే ఉంది.

ఈ దశలో ఈఎంజీ చేయిస్తారు. సన్నటి సూదిని కండరంలో గుచ్చి దానిలోని విద్యుత్ అలజడిని చూసే పరీక్ష అది. దెబ్బ తగిలిన వారంలోనే చేయించమని తొందరపెట్టేవాళ్లున్నారు, దాని వల్ల లాభం లేదు. నరంలోని పోగులు చనిపోయాయో, కేవలం మూర్ఛపోయాయో కండరంలో గుర్తులు తెలియడానికి మూడు వారాలు పడుతుంది. మూడు నాలుగు వారాలప్పుడు చేసిన పరీక్షే నమ్మదగింది. కుర్రాడికి కొన్ని పోగులు పోయాయి, కొన్ని బాగున్నాయి అని వచ్చింది. పూర్తిగా పోలేదన్న మాట.

ఇక చేసేది ఎదురుచూడడం. ఊరికే కాదు. చెయ్యి తానుగా లేవకపోయినా ఫిజియోథెరపిస్టు దాన్ని రోజూ లేపి తిప్పుతూ ఉండాలి; లేకపోతే నరం తిరిగొచ్చే సరికి కీలు బిగుసుకుపోయి ఉంటుంది. భుజం మీద కరెంటు పెట్టే చికిత్సలకు ఇంట్లోవాళ్లు ఎక్కువ విలువిస్తారు గానీ, ఈ కీలు తిప్పే పనే ముఖ్యం. ఆరేడు వారాలకు కండరంలో చిన్న అదురు కనబడింది. మూడో నెలకు చెయ్యి భుజం ఎత్తుకు లేచింది. ఎక్కువమందిలో నడిచేది ఇదే వరస, మూడు నుంచి ఆరు నెలల్లో.

ఇక్కడ డాక్టర్లను కూడా ఏమార్చే సంగతి ఒకటుంది. డెల్టాయిడ్ పూర్తిగా పడిపోయినా కొందరు యువకులు చెయ్యి పైదాకా ఎత్తేస్తారు. రొటేటర్ కఫ్‌లోని పై కండరం, ఛాతీ కండరాలు కలిసి ఆ పని చేసేస్తాయి. చెయ్యి లేచింది కాబట్టి నరం బాగుందనుకుంటే తప్పే. అందుకే చేతులు రెండూ నిటారుగా వెనక్కి చాచమంటారు. వెనక్కి చాచే పనిలో డెల్టాయిడ్‌కు సాయం చేసే తోడు తక్కువ. నరం పోయిన చెయ్యి వెనకబడిపోవడం ఎవరికైనా కనబడుతుంది.

మూడు నెలలకూ ఏ కదలికా లేకపోతే? రెండోసారి ఈఎంజీ చేస్తారు. అందులోనూ ఏమీ లేకపోతే నరాల సర్జన్ దగ్గరికి పంపాలి, ఆరు నెలలు దాటకముందే. ఈ గడువు వెనక లెక్క ఉంది. తిరిగి పెరిగే నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పాకుతుంది. అందవలసిన సంకేతం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటితే కొవ్వుగా మారి, నరం వచ్చినా పలకదు. ఈ రెండు గడియారాల మధ్య ఆపరేషన్ పడాలి. దెబ్బతిన్న ముక్కను తీసి కాలి నరం అతుకు వేయడం పాత దారి. 2003లో థాయ్‌లాండ్ సర్జన్లు మరో దారి ప్రచురించారు. మోచెయ్యి చాచే ట్రైసెప్స్‌కు ఒకటి కంటే ఎక్కువ నరపు కొమ్మలున్నాయి. వాటిలో ఒకదాన్ని తీసి డెల్టాయిడ్ నరానికి కలిపేయడం. ట్రైసెప్స్‌కు పెద్దగా లోటు రాదు, నరం పాకాల్సిన దూరం బాగా తగ్గుతుంది. ఇప్పుడు మన దేశంలోనూ ఈ ఆపరేషన్ చేస్తున్నారు.

ఇక 40 దాటినవాళ్ల చిక్కు. 65 ఏళ్ల అమ్మగారు బాత్రూంలో కాలు జారి పడ్డారు, భుజం ముందుకు జారింది. లోపలికి పెట్టారు. మూడు వారాలకు చెయ్యి లేవలేదు. ఎవరో నరం కొట్టిందన్నారు, ఆరు నెలలు ఆగితే అదే వస్తుందన్నారు. ఈ వయసులో లిగమెంటు కంటే ముందు తెగేది రొటేటర్ కఫ్. అది తెగినా చెయ్యి లేవదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, కానీ గడువులు ఎదురెదురు. నరానికి ఆగాలి, తెగిన కఫ్‌కు ఆగకూడదు. నెలలు గడిస్తే తెగిన కండరం లోపలికి ముడుచుకుపోయి, కుట్టడానికి అందదు.

తేడా చెప్పే గుర్తులు చేతి కిందే ఉన్నాయి. కఫ్ తెగితే డెల్టాయిడ్ వేళ్ల కింద గట్టిపడుతూనే ఉంటుంది, బ్యాడ్జి ప్రాంతంలో స్పర్శ ఉంటుంది, చేతిని బయటికి తిప్పే బలం పోతుంది. నరం పోతే డెల్టాయిడ్ మెత్తగా ఉండి, కొన్ని వారాలకు భుజం చదునవుతుంది. భుజానికి అల్ట్రాసౌండో ఎంఆర్ఐనో తీస్తే కఫ్ సంగతి ఆ రోజే తేలిపోతుంది. జారుడు, తెగిన కఫ్, దెబ్బతిన్న నరం మూడూ ఒకే మనిషికి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు నరం కోసం ఆగుతూనే కఫ్‌ను ముందు కుట్టేస్తారు. డెల్టాయిడ్ ఇంకా లేవకపోయినా, అది లేచిన రోజున లాగడానికి తాడు తెగి ఉండకూడదు కదా.

మన కబడ్డీ కుర్రాడికి నరం వచ్చింది గానీ, అంచు చిరుగు మిగిలింది. మరుసటి వేసవిలో నిద్రలో చెయ్యి తలకింద పెట్టుకుంటే భుజం మళ్లీ జారింది. ఇప్పుడు బ్యాంకార్ట్ చెప్పిన చిరుగును కీహోల్ ఆపరేషన్‌తో కుట్టాలి, గుంట అంచు ఎముక ఎక్కువగా అరిగి ఉంటే కొరకాయిడ్ కొమ్మును కోసి అక్కడ బిగించే లాటార్జే ఆపరేషన్ చేయాలి. ఈ రెండో పద్ధతిని ఫ్రాన్స్‌లో లియోన్‌కు చెందిన మిషెల్ లాటార్జే 1954లో ప్రచురించాడు. ఏది చేసినా సర్జన్ పనిముట్టు మళ్లీ ఆ కింది పొర దగ్గరికే వెళ్తుంది. సూది కాస్త లోతుగా దిగినా, పొరను బిగువుగా లాగినా, జారినప్పుడు తప్పించుకున్న నరం అక్కడ చిక్కుతుంది. కాబట్టి ఆపరేషన్ ముందు రోజు రాత్రి, మత్తు దిగిన తర్వాతి ఉదయం, అదే రెండు నిమిషాల పరీక్ష: దండచెయ్యి బయటి వైపు వేలితో తాకడం, మోచేతిని పక్కకి తొయ్యమని డెల్టాయిడ్ మీద చెయ్యి ఉంచడం, కనబడింది రాసుకోవడం.